క్యాలెండర్‌లో ఆరు వారాలు

శనివారం మధ్యాహ్నం మా అమ్మాయి చదివే బడిలో తల్లిదండ్రుల సమావేశం. తొమ్మిది, పది తరగతుల పిల్లల అమ్మానాన్నలు వంద మంది దాకా వచ్చారు. మార్కుల సంగతి మాట్లాడతారనుకుని వచ్చినవాళ్లే ఎక్కువ. బడిలో పిల్లల మనస్తత్వ నిపుణురాలిగా పనిచేసే మేడమ్ మాత్రం మైకు పట్టుకోకముందే బోర్డు మీద ఒక క్యాలెండర్ కాగితం అంటించారు. ఇళ్లలో గోడకి వేలాడే మామూలు క్యాలెండర్ లాంటిదే. అక్కడక్కడ గళ్లలో ఎర్ర సిరాతో ఒకటి రెండు మాటలు రాసి ఉన్నాయి.

"పాలు రాని రోజు సున్నా చుడతాం. గ్యాస్ బండ మార్చిన తేదీ రాసుకుంటాం. ఇది ఒక పదో తరగతి అబ్బాయి క్యాలెండర్. దసరా సెలవులు అయ్యాక ఆరు వారాలది. ఇందులో ఉన్నది ఒక్క పిల్లవాడి కథ కాదు. నా దగ్గరికి వచ్చిన నలుగురైదుగురి కథలు కలిపి, గుర్తుపట్టకుండా మార్చాను. కానీ ఇందులో రాసిన ప్రతి మాటా ఎవరో ఒకరి ఇంట్లో జరిగిందే" అన్నారామె.

తర్వాత ఒక్కో వారమూ చదువుతూ వెళ్లారు.

మొదటి వారం: లంచ్ బాక్సు మూడు రోజులు సగం అన్నంతో ఇంటికి తిరిగొచ్చింది. బడి క్యాంటీన్‌లో ఏదో తింటున్నాడులే అనుకుంది అమ్మ. రెండో వారం: రాత్రి మూడు గంటలకి నీళ్ల కోసం లేచిన నాన్నకి కొడుకు గదిలో లైటు కనబడింది. పదో తరగతి కదా, చదువుకుంటున్నాడని సంతోషించి వెళ్లి పడుకున్నాడు. ఆ వారమే ఆదివారం క్రికెట్‌కి స్నేహితులు పిలిస్తే రానన్నాడు. ఇంట్లో అందరూ ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందన్నారు.

మూడో వారం: టీవీ సౌండ్ తగ్గించమని నానమ్మ మీద అరిచాడు. ఎప్పుడూ ఆమె పక్కనే కూర్చుని సీరియల్ కథ అడిగే పిల్లవాడు. పొగరెక్కిందని నాన్న ఒక దెబ్బ వేశాడు. అదే వారంలో తలనొప్పి అంటే కళ్ల డాక్టరుకి చూపించారు. సైటు లేదన్నారు. నాలుగో వారం: లెక్కల టీచరు పరీక్ష పేపరు దిద్దుతూ ఒకటి గమనించింది. ప్రతి లెక్కా మొదలుపెట్టి రెండు లైన్లు రాసి వదిలేశాడు. ప్రిపేర్ కాలేదని మార్కులు వేసి పక్కన పెట్టింది. ఐదో వారం: స్నేహితుల వాట్సాప్ గ్రూపులోంచి బయటికి వచ్చేశాడు. ఆ సంగతి స్నేహితులకి తప్ప ఎవరికీ తెలియదు. ఆరో వారం: ఎంతో మోజుపడి కొనిపించుకున్న బ్యాటు బాబాయి కొడుక్కి ఇచ్చేశాడు. "ఎంత మంచి మనసో" అని పిన్ని ఫోన్ చేసి మెచ్చుకుంది.

మేడమ్ అక్కడ ఆగారు. హాల్లో ఎవరూ కదల్లేదు.

"ఈ ఇంట్లో ఎవరూ నిర్లక్ష్యం చేయలేదండీ. అమ్మ బాక్సు చూసింది. నాన్న లైటు చూశాడు. టీచరు పేపరు చూసింది. పిన్ని బ్యాటు చూసింది. ఎవరు చూసినదానికి వాళ్ల దగ్గర ఒక కారణం ఉంది. ఆ కారణాలన్నీ నమ్మదగినవే. అన్నీ ఒకే కాగితం మీదికి రాలేదు, అంతే."

ఆ సాయంత్రం ఆమె చెప్పినదంతా ఈ కాగితం చుట్టూనే తిరిగింది.

దుఃఖం కాదు, చిరాకు

మానసికంగా కుంగిపోయిన మనిషి అనగానే మన కళ్ల ముందు మూల కూర్చుని ఏడ్చే మనిషి కనబడతాడు. పెద్దవాళ్ల విషయంలో అది కొంతవరకు నిజం. కౌమారంలో ఉన్న పిల్లలు చాలామంది ఏడవరు, విసుక్కుంటారు. చిన్న మాటకే భగ్గుమంటారు, తలుపు దఢాలున వేస్తారు. డిప్రెషన్‌ని నిర్ధారించడానికి డాక్టర్లు వాడే ప్రమాణాల్లో కూడా పిల్లలకి, కౌమారంలో ఉన్నవాళ్లకి ఈ వెసులుబాటు ప్రత్యేకంగా రాసి ఉంది. దిగులు ఉండాల్సిన చోట చిరాకు ఉన్నా లెక్కలోకి తీసుకోవచ్చు. బరువు విషయమూ అంతే. పెద్దవాళ్లయితే బరువు తగ్గారా అని చూస్తారు. ఎదిగే పిల్లలు తగ్గకపోయినా, ఆ వయసుకి పెరగాల్సినంత పెరగకపోతే అదీ గుర్తే.

రెండో తేడా ఒంటి నొప్పులు. మనసులో ఏముందో చెప్పడానికి ఆ వయసులో మాటలు దొరకవు. అది తలనొప్పిగా, కడుపునొప్పిగా బయటికి వస్తుంది. నటన కాదు, నొప్పి నిజంగానే ఉంటుంది. సోమవారం పొద్దున వచ్చి శనివారం మాయమయ్యే కడుపునొప్పి అయితే క్యాలెండర్ మీద ఇట్టే తెలిసిపోతుంది. అలాగని డాక్టరు దగ్గరికి వెళ్లడం మానకూడదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా పిల్లల్ని నీరసంగా, మందకొడిగా, చిరాకుగా మారుస్తాయి. అందుకే మొదట మామూలు పిల్లల డాక్టరుకి చూపించి రక్తపరీక్షలు చేయించాలి. అవి బాగున్నాయంటే పిల్లకి ఏమీ లేదని అర్థం కాదు. ఇంకోవైపు వెతకాలని అర్థం.

వయసా, బాధా?

ఒక తండ్రి లేచి నిలబడ్డాడు. "మేడమ్, మీరు చెప్పినవన్నీ మావాడిలో ఉన్నాయి. రాత్రి పన్నెండయినా పడుకోడు, గది తలుపు తీయడు, మాట్లాడితే చిరాకు. అంటే మావాడికి జబ్బున్నట్టేనా?"

చాలామంది మనసులో ఉన్న ప్రశ్న ఇదే. ఆమె మూడు ప్రశ్నలు వేసుకోమన్నారు.

మొదటిది, పాత పిల్లవాడితో పోలిస్తే మారాడా? పక్కింటి పిల్లవాడితో కాదు, అన్నయ్యతో కాదు, ఆర్నెల్ల కిందటి తనతోనే పోల్చాలి. పుట్టుకతో నెమ్మదైన పిల్ల మౌనంగా ఉంటే అది గుర్తు కాదు. వాగుడుకాయ మౌనంగా మారితే గుర్తు.

రెండోది, రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ ఉంటోందా? స్నేహితుడితో గొడవపడినా, పరీక్ష పోయినా, నాలుగు రోజులు అన్నం సయించదు. ఐదో రోజు ఎవరో జోకేస్తే నవ్వుతారు. రెండు వారాలు దాటినా ఏదీ రుచించకుండా ఉందంటే దాన్ని గడ్డు రోజులని సరిపెట్టుకోకూడదు.

మూడోది, ఒక్క చోటేనా, అన్ని చోట్లా? ఆ తండ్రి చెప్పిన తలుపు దగ్గరే తేడా తెలుస్తుందన్నారామె. తల్లిదండ్రులకి తలుపు మూసి, లోపల స్నేహితులతో ఫోన్‌లో పకపకా నవ్వే పిల్లవాడిది వయసు. స్నేహితులకి కూడా తలుపు మూసేస్తే అది బాధ. ఇంట్లో చిరాకు, బడిలో హుషారు ఉంటే ఇంట్లో ఏదో నలుగుతోంది, దాన్ని చూసుకోవాలి. ఇల్లు, బడి, ఆట, స్నేహితులు అన్నీ ఒకేసారి మసకబారితే ఆలస్యం చేయకూడదు.

నిద్ర సంగతి విడిగా చెప్పారు. యుక్తవయసు మొదలవగానే శరీరంలోని గడియారమే వెనక్కి జరుగుతుంది. నిద్ర పుట్టించే మెలటోనిన్ అనే హార్మోను రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. పదేళ్లప్పుడు తొమ్మిదింటికి పడుకున్న పిల్లకి పదిహేనేళ్లకి పదకొండయినా నిద్ర రాకపోవడం బద్ధకం కాదు. ఆ వయసుకి కావలసిన నిద్ర మాత్రం ఎనిమిది నుంచి పది గంటలు. కాబట్టి ఆలస్యంగా పడుకోవడం ఒక్కటే చూసి కంగారు పడక్కర్లేదు. ఆదివారం పదింటి దాకా పడుకుని లేచి, టిఫిన్ తిని, హాయిగా తిరుగుతుంటే వారమంతా నిద్ర చాలలేదని అర్థం. పది గంటలు పడుకున్నా ఒళ్లు లేవకపోయినా, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడకపోయినా ఆ రోజు గడిలో రాసుకోవాలి.

"క్రికెట్ మానేశాడని ఇంట్లో సంబరపడ్డారు చూశారా, అక్కడే నాకు గుండె తరుక్కుపోతుంది" అన్నారామె. ఇష్టమైనది మానేయడం డిప్రెషన్‌లో అన్నిటికన్నా బరువైన గుర్తుల్లో ఒకటి. పదో తరగతి, ఇంటర్ ఉన్న ఇళ్లలో దాన్నే మనం క్రమశిక్షణ అనుకుంటాం. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ఆట మానిన సమయం చదువులోకి వెళ్తోందా చూడండి. చదువు కోసం మానినవాడు చదువుతాడు. మనసు చచ్చి మానినవాడు పుస్తకం తెరిచి అదే పేజీ ముందు గంట కూర్చుంటాడు. లెక్కల పేపర్లో రెండు లైన్ల దగ్గర ఆగిపోయిన లెక్కలు చెప్పింది అదే. ఏకాగ్రత నిలవలేదు.

రెండు వారాలు ఆగకూడనివి

కొన్ని గుర్తులకి క్యాలెండర్ అక్కర్లేదు. చచ్చిపోవడం గురించి మాట్లాడటం, రాయడం, ఫోన్‌లో వెతకడం. "నేను లేకపోతే మీకీ ఖర్చులన్నీ ఉండవు కదా" లాంటి మాట, నవ్వుతూ అన్నా సరే. ప్రాణంగా చూసుకున్న వస్తువుల్ని పంచిపెట్టడం. వీడ్కోలు చెబుతున్నట్టు మెసేజీలు పెట్టడం. మండే ఎండల్లో కూడా పొడుగు చేతుల చొక్కా వదలకపోవడం, చేతుల మీద గాయాలు. చాలా రోజులు కుమిలిపోయిన పిల్ల ఏ కారణమూ లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా మారడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ రోజే మాట్లాడాలి. ఆ బ్యాటు చేతులు మారిన రోజు ఆ ఇంట్లో అందరూ ఆగిపోవాల్సిన రోజు.

ఆ రోజు చేయాల్సిన మొదటి పని పిల్లని ఒంటరిగా వదలకపోవడం. రెండోది, ఇంట్లో ఉన్న మందులు, వ్యవసాయం ఉన్న ఇళ్లలో పురుగుమందులు తాళం వేసి దాచడం, లేదా ఇంట్లోంచే తీసేయడం. ఇది చిన్న జాగ్రత్తలా కనిపిస్తుంది గానీ చాలా ప్రాణాలు నిలబెట్టేది ఇదే. ఆ వయసులో చావాలన్న ఉధృతి తరచు కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే ఆ గండం దాటిపోవచ్చు.

అడగడం ఎలా?

వెనక వరసలో ఒక తల్లి మెల్లగా అడిగింది. "చావు గురించి మనమే అడిగితే, లేని ఆలోచన పుట్టించినట్టు అవదా మేడమ్?"

అవదు. దీని మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టినట్టు గానీ పెరిగినట్టు గానీ తేలలేదు. చాలామంది పిల్లలకి ఎవరో ఒకరు అడిగినందుకే బరువు దిగుతుంది. "పిచ్చి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అని అడిగితే మాత్రం లేవు అనే జవాబే వస్తుంది. ఆ ప్రశ్నలోనే మనకి కావలసిన జవాబు ఉంది కాబట్టి.

ఎలా మొదలుపెట్టాలో ఆమె అక్కడే ఒక తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. ఎదురెదురుగా కూర్చోబెట్టి నిలదీయకూడదు. బండి మీద వెళ్తూనో, చిక్కుడుకాయలు ఒలుస్తూనో, పక్కపక్కన ఉన్నప్పుడు మాట సులువుగా వస్తుంది. మొదట మనం చూసింది చెప్పాలి, తీర్పు చెప్పకూడదు. "నాన్నా, పది రోజులుగా నీ బాక్సు సగం తిరిగొస్తోంది. ఆదివారం ఆటకీ వెళ్లట్లేదు. నువ్వు బాధపడుతున్నావేమో అనిపిస్తోంది. నాతో చెబుతావా?" అని ఆగాలి. నిశ్శబ్దం ఎంతసేపున్నా దాన్ని మన మాటలతో నింపకూడదు. కాస్త మాట కలిశాక సూటిగానే అడగాలి. "బతకడం ఎందుకని, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అవునంటే అరవకూడదు, ఏడ్చి పిల్ల చేత ఓదార్పించుకోకూడదు. "చెప్పినందుకు మంచిపని చేశావు. నేను పక్కనే ఉంటాను. ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దాం" అంటే చాలు.

తలుపు మూసే మాట ఒకటుందన్నారు. "నీకేం తక్కువ చేశాం?" మనం ప్రేమతోనే అంటాం. పిల్లకి మాత్రం అది తాను కృతఘ్నురాలినన్న నేరారోపణలా వినిపిస్తుంది. తక్కువేమీ లేదు, అయినా ఇలా ఉన్నానంటే తప్పు నాదే అనుకుంటుంది. తప్పంతా తనదే అనుకోవడం అసలే ఆ జబ్బు లక్షణం. ఆ మాటతో అది ఇంకా ముదురుతుంది.

ఒక పెద్దాయన, ఎవరికో తాతగారు, మనవరాలికి దిష్టి తీయించామని చెప్పారు. ఎవరో నవ్వబోతే మేడమ్ చేత్తో వారించారు. "తీయించండి తాతగారూ. మీరు ఆ పిల్ల కోసం ఏదో చేస్తున్నారని తనకి తెలుస్తుంది. దాంతోపాటు డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి. దిష్టి తీశాం కదా, చూద్దామని ఒక నెల ఆగొద్దు."

ఎవరి దగ్గరికి?

బడిలోని కౌన్సెలర్ మొదటి మెట్టు. కౌన్సెలరు, సైకాలజిస్టు మందులు రాయరు. మాటల ద్వారా వైద్యం చేస్తారు. మందులు అవసరమా కాదా తేల్చేది సైకియాట్రిస్టు. డబ్బు లేనివాళ్లకి ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఎర్రగడ్డ పేరుని తిట్టుగా వాడటం మనకి అలవాటు. అక్కడ సాయం దొరికే పిల్లలు ఆ తిట్టుకి భయపడే ఆగిపోతున్నారని ఆమె బాధగా అన్నారు. ఇంటి నుంచే మాట్లాడాలంటే 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416 నంబరుకి రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణానికే ముప్పు అనిపిస్తే 112కి ఫోన్ చేయాలి, లేదా దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.

"ఈ సంగతి బయటికి పొక్కితే రేపు పెళ్లి సంబంధాలప్పుడు..." అని ఒక తల్లి మధ్యలోనే ఆగిపోయింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాల్సిందే. పిల్లలు కౌన్సెలరుకి చెప్పుకున్నది కూడా అంతే. తనకి గానీ ఇంకొకరికి గానీ ప్రాణహాని ఉందన్నప్పుడు మాత్రం తల్లిదండ్రులకి చెబుతారు. ఆ సంగతి పిల్లలకి మొదటి రోజే చెప్పి మరీ మాట్లాడతారు.

మందుల మీదా భయాలున్నాయి. తీవ్రత తక్కువగా ఉంటే మొదట మాటల వైద్యమే. మందు అవసరమైనప్పుడు ఈ వయసువాళ్లకి ఎక్కువగా ఫ్లూఆక్సిటిన్‌తో మొదలుపెడతారు. దాని గుణం పూర్తిగా కనబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి కొద్ది వారాల్లో కొంతమంది పిల్లల్లో అశాంతి, చావు ఆలోచనలు పెరగవచ్చు. అందుకే అప్పుడు మరింత దగ్గరగా కనిపెట్టి ఉండాలి, ఏ మార్పు వచ్చినా డాక్టరుకి చెప్పాలి. బాగుందని సొంతంగా ఆపేయకూడదు. నయమయ్యాక కూడా కొన్ని నెలలు వాడించి, మెల్లగా తగ్గిస్తారు. జీవితాంతం వాడాల్సిన అవసరం చాలామందికి రాదు.

అన్ని బళ్లలోనూ ఇలాంటి మేడమ్ ఉండరు. విశాఖలో నీట్‌కి చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరు ఒక్కరైనా ఉండాలంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం వద్దంది. మీ పిల్లల కాలేజీలో కౌన్సెలరు ఎవరని అడిగే హక్కు ఇప్పుడు ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది. అడ్మిషన్ ఫీజు కట్టేటప్పుడే అడగాలి.

గుర్తులు చెప్పలేనిది

చివర్లో ఆమె ఒక మాట చాలా నెమ్మదిగా చెప్పారు. ఈ గుర్తులు జల్లెడ లాంటివి. అన్నీ ఉన్నా జబ్బు లేని పిల్లలుంటారు. ఏదీ బయటపడకుండా నవ్వుతూ, ర్యాంకులు తెచ్చుకుంటూ లోపల కుమిలిపోయే పిల్లలుంటారు. ఎంత దగ్గరగా చూసినా తెలియకపోవచ్చు. కాబట్టి బిడ్డని పోగొట్టుకున్న ఇంటికి వెళ్లి "మీరు గమనించలేదా?" అని ఎవరూ అడగకూడదు.

క్యాలెండర్‌లోని అబ్బాయి సంగతి ఎవరో అడిగారు. ఏడో వారంలో పిన్ని మాటల్లో బ్యాటు సంగతి విన్న అమ్మకి ఎందుకో మనసు కీడు శంకించింది. బాక్సు, అరుపులు, తలనొప్పి అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పొద్దున్నే బడికి వచ్చింది. కౌన్సెలింగ్ గదిలో సూటిగా అడిగితే, చచ్చిపోవాలనిపిస్తోందని, ఎలాగన్నది ఇంకా ఆలోచించలేదని అబ్బాయి చెప్పాడు. అమ్మానాన్నల్ని లోపలికి పిలిచారు. ఆ వారమే సైకియాట్రిస్టుకి చూపించారు. వారానికోసారి మాటల వైద్యం, రోజూ ఒక మాత్ర. నెలరోజులు ట్యూషన్ ఆపారు. నాన్న రాత్రిళ్లు అదే గదిలో పడుకున్నాడు.

మేడమ్ బోర్డు మీద మొదటి కాగితం పక్కన రెండోది అంటించారు. పదో వారం నుంచి అందులోనూ ఎర్ర సిరా గుర్తులున్నాయి. వాటిలో మొదటిది, బాక్సు ఖాళీగా తిరిగొచ్చిన రోజు. తర్వాత ఒక రాత్రి ఆరు గంటలు ఏకధాటిగా నిద్ర. పన్నెండో వారంలో నానమ్మ పక్కన కూర్చుని సీరియల్‌లో ఏమైందని అడిగాడు. "అప్పటికి కూడా ఆ అబ్బాయి నాతో 'ఏం బాగాలేదు మేడమ్' అనే అంటున్నాడు" అన్నారామె. కోలుకోవడం చాలాసార్లు పిల్లకి తెలియకముందే ఇంట్లోవాళ్లకి కనబడుతుంది. ఈ కాగితం తనకి చూపించి, ఇదిగో చూడు అని చెప్పడానికి ఒకరు ఉండాలి.

ఇంటికొచ్చాక వంటింటి గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడ్డాను. పాలు రాని రోజులు రెండు, గ్యాస్ బండ తేదీ ఒకటి. మా అమ్మాయి చివరిసారి షటిల్ బ్యాటు తీసుకుని కిందికి వెళ్లింది ఏ ఆదివారమో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. రాత్రి చపాతీలు ఒత్తుతూ, పక్కన నిలబడి కాలుస్తున్న తనని అదే అడిగాను.